45 నిమిషాల పీరియడ్‌లో 20 మార్కుల లెక్కల పేపరు పడుతుందా?

భీమవరం టీచర్: పదో తరగతికి స్లిప్ టెస్ట్ అండి. ఒక మార్కువి నాలుగు, రెండు మార్కులవి రెండు, నాలుగు మార్కుల చెరువు లెక్క, ఎనిమిది మార్కుల గ్రాఫ్ (ఛాయిస్‌తో). నేను చేస్తే 15 నిమిషాలు పట్టింది. పిల్లలకి సరిపోతుందా?

తణుకు మాస్టారు: మన టైమ్‌కి మూడు రెట్లు వేసుకోవాలండి. 45 అయింది, పేపర్లు పంచడానికే టైమ్ ఉండదు. ఒక లెక్క తీసెయ్యండి.

రాజోలు లెక్కలు: మూడు రెట్లు అన్నిటికీ ఒకేలా వర్తించదు మాస్టారూ. గ్రాఫ్‌లో చేతిపని ఎక్కువ. x² − x − 6 కి −3 నుంచి 4 దాకా ఎనిమిది బిందువుల పట్టికకి 4 నిమిషాలు, అక్షాలు, స్కేలుకి 2, బిందువులు పెట్టి వక్రం గీయడానికి 4, శూన్యాలు రాయడానికి 1. మొత్తం 11. మేడం 6 నిమిషాల్లో గీస్తే పిల్లలకి రెండు రెట్లు కూడా పట్టదు. చెరువు లెక్కలో ఆలోచనే ఎక్కువ, అక్కడ మూడు రెట్లు నిజమే: చదవడానికి 1, సమీకరణం కట్టడానికి 3, కారణాంకాలకి 3, రాయడానికి 2. బిట్లకి 4, రెండు మార్కులవాటికి 10, ఛాయిస్‌లో రెండోది చదవడానికి 1 కలిపితే 35. పంచడం, తీసుకోవడం పోగా 40 మిగులుతాయి. సరిపోతుంది.

అంకెలు మాత్రం చూసుకోండి. చెరువు పొడవు వెడల్పు కంటే 10 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 1200 చదరపు మీటర్లు అంటే 30, 40 వెంటనే తడతాయి. అదే 1344 ఇస్తే 32, 42 దొరికేసరికి ఇంకో మూడు నిమిషాలు పోతాయి. పద్ధతి అదే, మార్కులూ అవే.

అమలాపురం నాన్న: మా అబ్బాయి ముందు బిట్లు చెయ్యాలా, గ్రాఫ్ చెయ్యాలా అండి? చేతిరాత మరీ నెమ్మది, సోషల్‌లో ఎప్పుడూ ఆఖరి ప్రశ్న వదిలేస్తాడు.

రాజోలు లెక్కలు: ఇక్కడ మాట్లాడేది పేపరు తయారుచేసేవాళ్ల లెక్క అండి. అయినా మీరన్నది పనికొచ్చేదే. దిద్దేటప్పుడు మధ్యలో ఖాళీ వదిలి తర్వాతవి రాసుంటే ఆ ప్రశ్న రాలేదని అర్థం. జవాబు పత్రంలో చివరగా రాసింది సగంలో ఆగితే టైమ్ చాలలేదని. ప్రశ్న నంబరు చూడకూడదు, పిల్లలు వరసలో రాయరు. నాలుగో వంతు మందికి చివరిది సగంలో ఆగితే నేనైతే పేపరు తగ్గిస్తాను.

తణుకు మాస్టారు: గ్రాఫ్ సంగతి ఒప్పుకుంటాను. తగ్గించడం మాత్రం ఒప్పుకోను. పబ్లిక్‌లో 3 గంటల 15 నిమిషాల్లో 100 మార్కులకి రాయాలి. ఆ వేగం ఇక్కడ రాకపోతే అక్కడ ఎలా వస్తుంది?

రాజోలు లెక్కలు: అందులో 15 నిమిషాలు పేపరు చదువుకోడానికే కదండీ. వేగం కోసం విడిగా టెస్ట్ పెట్టండి. చెరువు లెక్క వచ్చో రాదో తేల్చే టెస్ట్‌లో వేగాన్ని కలిపితే, తప్పిన పిల్లాడికి ఏది రాలేదో మీకే తెలియదు.

తణుకు మాస్టారు: విడిగా పెట్టడానికి పీరియడ్లు ఎక్కడున్నాయండి?

భీమవరం టీచర్: 1200 ఉంచుతున్నాను. గ్రాఫ్ పేపర్లు ముందే పంచేస్తాను.