రెడింగ్‌లో కిచెన్ గచ్చు తవ్విస్తున్నాం, అంచున ఇన్సులేషన్ పట్టీ వదిలేయొచ్చా?

శ్రీను_రెడింగ్:
అందరికీ నమస్కారం. మాది 1950ల చివర్లో కట్టిన సెమీ డిటాచ్డ్ ఇల్లు. కిచెన్, డైనింగ్ కలిపి 6 మీటర్లు బై 4 మీటర్లు, మూడు వైపులా బయటి గోడలే, కింద కాంక్రీటు గచ్చు. చలికాలం వస్తే సాక్సులు లేకుండా స్టవ్ దగ్గర నిలబడలేం. దానికి తోడు తోటవైపు గోడ అడుగున స్కర్టింగ్ వెనక నల్ల బూజు, వినైల్ ఎత్తి చూస్తే కింద తడి. బిల్డర్ పాత గచ్చు మొత్తం తవ్వేస్తానంటున్నాడు. కింద నుంచి వరసగా రాళ్ల ముక్కల హార్డ్‌కోర్, ఇసుక, 1200 గేజ్ పాలిథీన్, 100 మిల్లీమీటర్ల కాంక్రీటు, దాని మీద వేడి పోనివ్వని 100 పీఐఆర్ ఫోమ్ బోర్డు, పైన 75 సిమెంటు ఇసుక పొర, అదే స్క్రీడ్. గోడల చుట్టూ అంచున కూడా 25 మిల్లీమీటర్ల బోర్డు పట్టీ నిలబెడతారని ఎక్కడో చదివి అడిగితే "అంత సన్న పట్టీతో ఒరిగేదేం లేదు, స్క్రీడ్‌ని గోడకు ఆనించేద్దాం" అన్నాడు. వదిలేయొచ్చా? మా ఆవిడ ఏమో అసలీ తవ్వకాలెందుకు, పైన ఏదో పూత పూస్తే చాలదా అంటోంది.

మూర్తి_బర్మింగ్‌హామ్:
మీ ఆవిడ గారే కరెక్టండి, తవ్వకండి. గచ్చు మీద నేల చెమ్మని ఆపే పొర, అదే ఎపాక్సీ డీపీఎం, రెండు కోట్లు రోలర్‌తో వేయించండి, వీకెండ్‌లో అయిపోతుంది. మా హాల్లో అదే చేశాం, తడి పూర్తిగా ఆగింది. నేల తడిగా ఉంటేనే కదా చల్లగా ఉండేది, తడి ఆగితే చలి కూడా దానంతటదే పోతుంది.

లక్ష్మి_సైట్_ఇంజినీర్:
మూర్తి గారూ, తడి వరకు మీరన్నది నిజమే, ఆ పూత బాగానే పనిచేస్తుంది. కానీ చలికి అది అడ్డు కాదు, పూత మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కదా, వేడి దానికి ఆగదు. పైగా పూతని గోడలో చెమ్మ పైకెక్కకుండా పెట్టే డీపీసీ పొర దాకా ఎక్కించి కలపకపోతే గచ్చులోంచి పైకి రాలేని నీళ్లు పక్కకు తిరిగి గోడ ప్లాస్టర్‌లోకి ఎక్కుతాయి. అప్పుడు గచ్చు పొడిగా ఉంటుంది, స్కర్టింగ్ మాత్రం కుళ్లుతుంది.

శ్రీను గారూ, పట్టీ సంగతికి ముందు ఆ తడి ఎక్కడిదో తేల్చుకోండి, నేలలోంచి వచ్చేది వేరు, గదిలో గాలి చల్లటి నేలకు తగిలి పట్టే చెమ్మ వేరు. వినైల్ తీసేసి గచ్చుని రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత అర మీటరు చదరం పాలిథీన్ ముక్కలు రెండు తీసుకుని, ఒకటి గది మధ్యలో, ఒకటి తోటవైపు గోడ పక్కన పరిచి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజుల తర్వాత చూడండి. చుక్కలు షీటు అడుగున ఉంటే నేలలోంచి, పైన ఉంటే గదిలోంచి.

పద్మజ_లీడ్స్:
మాదీ ఇదే సమస్య అక్కా. మాది 1930ల ఇల్లు, కిచెన్‌లో కాళ్లు గడ్డకట్టుకుపోతున్నాయి. మాకు చెక్క నేల, కింద ఖాళీ, బయట గోడకు గాలి ఇటుకలున్నాయి. ఈ 1200 గేజ్ షీటే చెక్కల మీద పరిచేసి, చలిగాలి రాకుండా ఆ గాలి ఇటుకలు మూసేద్దామని మా వారు అంటున్నారు.

లక్ష్మి_సైట్_ఇంజినీర్:
అయ్యో పద్మజా, ఆ ఇటుకలు ముట్టుకోవద్దని ముందు మీ వారికి చెప్పు! మీది శ్రీను గారి సమస్య కాదు. చెక్క నేల కింద గాలి ఆడకపోతే దూలాలు కుళ్లుతాయి. మీకు దూలాల మధ్య వల కట్టి మినరల్ ఊల్ నింపాలి, పలకల సందులు మూసుకోవాలి. నువ్వు విడిగా పోస్టు పెట్టు, అక్కడ వివరంగా మాట్లాడుకుందాం.

శ్రీను_రెడింగ్:
లక్ష్మి గారూ, పరీక్ష చేశాను. మధ్యలో పరిచిన షీటు అడుగున బాగా తడి, పైన పొడి. గోడ పక్కన పరిచినదానికి మాత్రం అడుగునా తడే, పైనా మంచు పట్టినట్టుంది. ఇంతకీ నాది ఏ కేసు?

లక్ష్మి_సైట్_ఇంజినీర్:
రెండూనండి. మీ గచ్చు కింద డీపీఎం అసలు లేకపోయి ఉండాలి, ఆ కాలం ఇళ్లలో చాలావాటికి వేయలేదు, లేదా పాత బిటుమెన్ పొర పగిలిపోయి ఉండాలి. అది మధ్యలో కనిపించిన తడి. గోడ పక్క షీటు పైన పట్టింది మీ వంట ఆవిరే, అంచు మధ్యకంటే చల్లగా ఉంది కాబట్టి అక్కడ పడుతోంది.

అంచే ఎందుకంటే, ఇల్లు కింద ఉన్న మట్టి కొంతకాలానికి కాస్త వెచ్చబడుతుంది, అందుకే గది మధ్యలోంచి వేడి నెమ్మదిగా పోతుంది. గోడ దగ్గర అలా కాదు, స్క్రీడ్ ఇటుకకు ఆనుకుని ఉంటే వేడికి బయటికి దారి జానెడు దూరమే. మీ బిల్డర్ చెప్పినట్టు కింద 100 బోర్డు వేసి స్క్రీడ్‌ని గోడకు ఆనిస్తే, వేడి కిందికి పోలేక పక్కకి పోతుంది. కాళ్లకు చలి చాలావరకు తగ్గుతుంది, బూజు మాత్రం ఆ మూలలోనే ఉంటుంది, తర్వాత మీరు బిల్డర్‌నో పెయింట్‌నో తిట్టుకుంటారు. గదిలో 20 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకోండి, ఏదైనా ఉపరితలం 15.5 డిగ్రీల కిందికి దిగితే దాన్ని ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. బూజుకి అది చాలు, నీటి చుక్క కనిపించాల్సిన పనే లేదు. కళ్లకు కనిపించే చుక్కలు 12 డిగ్రీల దగ్గర గానీ పట్టవు.

25 మిల్లీమీటర్లే ఎందుకంటే, ప్లాస్టర్, స్కర్టింగ్ రెండూ కలిపి దాదాపు అంత మందం వస్తాయి, పట్టీ పై అంచు వాటి కింద దాక్కుంటుంది. మీ వరసలో కాంక్రీటు బోర్డు కింద, అంటే చలి వైపు ఉంది కాబట్టి దాని అంచుకు పట్టీ అక్కర్లేదు, స్క్రీడ్ ఎత్తంతా ఉంటే చాలు. కానీ పట్టీ అడుగు కింది బోర్డు మీద సందు లేకుండా కూర్చోవాలి. ఎప్పుడైనా బోర్డు కిందికి, కాంక్రీటు పైకి మార్చారంటే మాత్రం పట్టీ కాంక్రీటు అంచునా ఉండాలి, అది మర్చిపోతే మళ్లీ మొదటికే.

మూర్తి_బర్మింగ్‌హామ్:
సరే లక్ష్మి గారూ, పూత విషయం ఒప్పుకుంటాను. కానీ 100 బోర్డు అంటే ఎంత లోతు తవ్వాలి? పాత ఇళ్ల పునాదులు లోతు ఉండవు, పునాది కిందికి తవ్వితే గోడే కూర్చుంటుంది. అన్నీ కలిపితే 400 దాటుతుంది కదా.

లక్ష్మి_సైట్_ఇంజినీర్:
ఇది మంచి మాటన్నారు. ముందు ఒక మూల చిన్న గుంట తవ్వి పునాది పైభాగం ఎక్కడుందో చూడకుండా పని మొదలుపెట్టకూడదు. లోతు చాలకపోతే బోర్డు పలచన చేయొచ్చు, నష్టం మీరనుకునేంత ఉండదు. శ్రీను గారి గదికి మూడు వైపులా బయటి గోడ అంటే 14 మీటర్లు. బంకమట్టి నేల అనుకుని లెక్క వేస్తే ఇప్పుడున్న ఉత్త గచ్చుకి యూ-విలువ, అంటే వేడి ఎంత పోతుందో చెప్పే అంకె, సుమారు 0.77 వస్తుంది, తక్కువైతే మంచిది. 60 మిల్లీమీటర్ల పీఐఆర్ వేస్తే 0.24, 100 వేస్తే 0.17. ఇంగ్లాండ్‌లో ఉన్న గచ్చుని మార్చేటప్పుడు అడిగేది 0.25, కొత్తగా ఎక్స్‌టెన్షన్ కడితే 0.18. కాబట్టి మొదటి 60 దగ్గరే ఎక్కువ లాభం. 100 పెట్టి అంచు వదిలేయడం కంటే 60 పెట్టి అంచు సరిగ్గా చేయడం నయం. బిల్డింగ్ కంట్రోల్‌కి మాత్రం చెప్పే చేయండి.

ఇంకో మాట, వినైల్ కింద పాత 9 అంగుళాల పలకలు, నల్లటి జిగురు కనిపిస్తే ఆగిపోండి, వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. యూకేలో ఆస్బెస్టాస్ పూర్తిగా నిషేధించింది 1999లో, మీ ఇల్లు అంతకు చాలా ముందుది. ఒక ముక్క ల్యాబ్‌కి పంపకుండా డ్రిల్ పెట్టనివ్వకండి.

ఏలూరు_కుర్రాడు:
మాదీ గ్రౌండ్ ఫ్లోరే, వానాకాలం గోడలు రెండడుగుల దాకా నెమ్ము. మేమూ గచ్చు కింద థర్మోకోల్ వేయించుకోవాలా?

లక్ష్మి_సైట్_ఇంజినీర్:
వద్దు తమ్ముడూ. ఇక్కడ నేల లోపల 10, 11 డిగ్రీలు, అక్కడ మట్టి గోరువెచ్చగా ఉంటుంది, చలి సమస్యే లేదు, ఎండాకాలం ఆ నేల చల్లదనం నీకే మేలు. నీది గోడలోకి ఎక్కే నీళ్ల సమస్య, ప్లింత్ మీద డీపీసీ ఉందో లేదో, ఉంటే బయట మట్టి దాన్ని దాటిందేమో చూసుకో.

శ్రీను_రెడింగ్:
పలకలు లేవండీ, వినైల్ కింద నేరుగా సిమెంటే, బతికిపోయాం. బిల్డర్ కూడా పట్టీకి ఒప్పుకున్నాడు, డబ్బు పెద్దగా పెరగలేదు. పోసేముందు నేను నిలబడి ఏం చూడాలి? ఆఫీసుకి సెలవు పెట్టుకున్నాను.

లక్ష్మి_సైట్_ఇంజినీర్:
కాంక్రీటు పోసే రోజు షీటు చూడండి. కింద ఇసుక నున్నగా ఉందా, రాయి మొన తేలితే అక్కడే చిల్లు పడుతుంది. అతుకు దగ్గర ఒక షీటు మీద ఇంకోటి 150 మిల్లీమీటర్లు ఎక్కి టేపు పడాలి. గోడల దగ్గర షీటు పైకి మడిచి గోడలోని డీపీసీకి కలపాలి. చాలామంది షీటు బాగానే పరిచి, స్క్రీడ్ ఎత్తుకి బ్లేడుతో కోసేస్తారు, నేలకి, గోడకి మధ్య చెమ్మకు దారి అక్కడ మిగిలిపోతుంది. తలుపు గడప దగ్గర, పైపు పైకి వచ్చే చోట ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి.

స్క్రీడ్ రోజు బోర్డు మీద ఇంకో పలచటి పాలిథీన్, 500 గేజ్ చాలు, పరిచారా చూడండి. లేకపోతే తడి స్క్రీడ్ బోర్డుల సందుల్లోకి దిగి గట్టిపడి వేడికి దారవుతుంది, సిమెంటు క్షారం బోర్డు మీది రేకుని తింటుంది. తర్వాత చెక్క వేయడానికి తొందరపడకండి. 75 స్క్రీడ్‌కి మొదటి 50కి రోజుకొక మిల్లీమీటరు, మిగతాదానికి అరమిల్లీమీటరు చొప్పున లెక్కేస్తే 100 రోజులు, చలికాలంలో ఇంకా ఎక్కువ. రోజులు లెక్కపెట్టి నమ్మకండి, గచ్చు మీద హైగ్రోమీటరు పెట్టించి 75 శాతం లేదా అంతకంటే తక్కువ వచ్చాకే చెక్క.

శ్రీను_రెడింగ్:
100 రోజులా! మా అమ్మా నాన్నా జూన్‌లో వస్తున్నారు, కిచెన్ లేకుండా ఎలా అని ఇప్పుడు కొత్త టెన్షన్. సరే, ఇంకో విషయం కనిపించింది. తోటవైపు బయట ప్యాటియో రాళ్లు పాత ఓనర్ ఎత్తుగా వేసినట్టున్నారు, గోడలో డీపీసీ వాటికి 90 మిల్లీమీటర్లే పైన ఉంది.

లక్ష్మి_సైట్_ఇంజినీర్:
అది 150 ఉండాలి. వాన చిందులు డీపీసీ దాటి గోడకి కొడుతున్నాయి, మీ బూజు అటువైపే ఎందుకు ఎక్కువో ఇప్పుడర్థమైంది. లోపల మొదలుపెట్టేలోపు గోడ వెంట ఓ 300 వెడల్పు రాళ్లు తీసేసి, కిందికి తవ్వి గులకరాళ్లు నింపించండి.

కార్డిఫ్_రమణ:
తవ్వుతున్నారు కాబట్టి అదే కాలవలో గోడకి బయటివైపు ఎక్స్‌పీఎస్ ఇన్సులేషన్ బోర్డు కూడా అంటించేయండి అన్నా. లోపలి పట్టీ స్క్రీడ్‌నే కాపాడుతుంది, గోడ లోపలి వరస ఇటుక భూమిలోంచి చలిని పైకి తెస్తూనే ఉంటుంది కదా.

లక్ష్మి_సైట్_ఇంజినీర్:
రమణ గారు చెప్పినదాంట్లో విషయం ఉంది, ఆ ఇటుక దారి పట్టీతో ఆగదు. కానీ వీళ్లది క్యావిటీ గోడ అయితే బయటి బోర్డుకి, లోపలి వరసకి మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ చల్లగాలి తిరుగుతుంటే బయట ఎంత అంటించినా సగం లాభమే. బోర్డుని డీపీసీ పైదాకా ఎక్కిస్తే దాని వెనక నుంచి చెమ్మ దాటే ప్రమాదం కూడా ఉంది. క్యావిటీలో ఏదైనా నింపారో లేదో తెలియకుండా నేనైతే అవునూ అనను, కాదూ అనను.

కార్డిఫ్_రమణ:
మాది ఘనమైన ఇటుక గోడ, మాకు పనిచేసింది. క్యావిటీకి ఎలాగో నాకూ తెలియదు.

శ్రీను_రెడింగ్:
క్యావిటీయే, నింపారో లేదో తెలియదు. శనివారం ఒకాయన గోడకి చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూస్తానన్నాడు. చూశాక ఫోటో ఇక్కడే పెడతాను.