అప్‌డేట్: మా గానుగ నూనె పేరు మార్చలేదు, లేబుల్ మాత్రం దిద్దాం

నేను అడిగింది: "అనంతపురంలో మాది వేరుశనగ గానుగ నూనె. లేబుల్ పాతబడింది. పేరు, లోగో అన్నీ మార్చేయాలా?"

పేరు మార్చట్లేదు. మీలో ఒకరు చెప్పినట్టే లేబుల్ మీద పేరు కప్పేసి, సీసాను పాత కస్టమర్లకు చూపించాం. పసుపు రంగు, ఎద్దు బొమ్మ చూసి చాలామంది టక్కున గుర్తుపట్టారు. ఇక ఆ రెండూ ముట్టుకోకూడదని తేలిపోయింది. 2009లో అమెరికాలో ట్రాపికానా అనే జ్యూస్ బ్రాండ్ తన ప్యాక్ మీది నారింజ బొమ్మ తీసేస్తే, రెండు నెలల్లోపే అమ్మకాలు 20 శాతం దాకా పడిపోయాయి. మళ్లీ పాత ప్యాకే తెచ్చారు.

అసలు ఇబ్బంది బొమ్మ గీతల్లో ఉంది. సన్నగీతలు ఎక్కువై, చిన్న సీసా మీదా వాట్సాప్ డీపీలోనూ ఎద్దు నల్లమచ్చలా కనిపించేది. గీతలు తగ్గించి, ఏ సైజులో వాడినా గీతలు చెదరని వెక్టర్ ఫైల్‌గా గీయించాం, అక్షరాలు లావు చేశాం. ఉన్న లేబుళ్లు అయిపోయాక కొత్తవి వాడతాం.

ఇదే పేరు మీద ఇంకొకరికి ట్రేడ్‌మార్క్ ఉన్నా, మేం నూనె వదిలి వేరే సరుకులోకి వెళ్లినా అప్పుడు పేరు మార్చాల్సి రావచ్చు. మాకు ఆ రెండూ లేవు. రిజిస్ట్రేషన్‌కు మాత్రం ఈ వారమే అప్లై చేస్తున్నాం.