నాన్న ఇన్‌కమ్ టాక్స్ రీఫండ్ ఫెయిల్ అయింది, అకౌంట్ వాలిడేట్ కాలేదట. మళ్లీ ఎలా తెప్పించాలి?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. నాన్నకు 14,260 రూపాయల రీఫండ్ రావాలి, రిటర్న్ ప్రాసెస్ అయింది కానీ బ్యాంకు అకౌంట్ వాలిడేట్ కాలేదని రీఫండ్ ఫెయిల్ అయింది.

పోర్టల్‌లో లాగిన్ అయి My Bank Account తెరిచి చూస్తే కారణాలు రెండు కనిపిస్తున్నాయి. బ్యాంకు వేరే బ్యాంకులో కలిసినా మేం పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే ఉంచేశాం, అది ఒకటి. రెండోది పేరు: పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌బుక్ మొదటి పేజీలో మాత్రం ఒక్క అక్షరం, చుక్క.

కొత్త కోడ్ పెట్టి Re-Validate నొక్కితే రెండు రోజులకు పేరు కలవలేదని మళ్లీ Failed వచ్చింది. అందుకే నిన్న నాన్నను తీసుకుని బ్రాంచికి పోయి, పాన్, ఆధార్ జిరాక్సులు జతచేసి, పేరు పాన్‌లో ఉన్నట్టే మార్చి పాన్ లింక్ చేయమని దరఖాస్తు ఇచ్చాం.

Refund Reissue పేజీలో వాలిడేట్ అయిన అకౌంటునే ఎంచుకోనిస్తుంది కాబట్టి ఇప్పుడు ఆగాల్సిందే. బ్యాంకులో పేరు మారాక అదే అకౌంటును రీవాలిడేట్ చేస్తే చాలా, లేక తీసేసి కొత్తగా యాడ్ చేయాలా? నాన్న పేరు మీదే ఇంకో బ్యాంకులో వాలిడేట్ అయిన అకౌంట్ ఉంటే, రిటర్న్‌లో ఇవ్వకపోయినా దానికి అడగొచ్చా? రిక్వెస్ట్ పెట్టి ఆధార్ ఓటీపీతో వెరిఫై చేశాక మీకు ఎన్నాళ్లకు పడ్డాయి? ఇది దాటొచ్చినవాళ్లు చెప్పండన్నా, నాన్న రోజూ అడుగుతున్నాడు.