గోంగూర కుళ్ళేదీ, నిండుకునేదీ ఒకే రోజు: రీఆర్డర్ పాయింట్ ఎక్కడ పెట్టాలి?

అమలాపురం భోజన హోటల్
బియ్యం, పప్పు, నూనెలకు పార్ లెవెల్, రీఆర్డర్ పాయింట్ పెట్టుకున్నాక మాకు కొరత లేదు. గోంగూరకూ అదే పద్ధతి పెట్టాను. రీఆర్డర్ పాయింట్ 5, పార్ 12, అంటే 5 కిలోల కంటే తగ్గితే 12 కిలోలకు నింపుతాం. రోజుకు సుమారు 4 కిలోలు పోతుంది. రాత్రి ఫోను చేస్తే తెల్లవారి వస్తుంది. శుక్రవారం రాత్రి లెక్క చూస్తే 6 కిలోలు ఉంది, అందుకని చెప్పలేదు. శనివారం అందులో 4 కిలోలు పారేశాం. ఒంటిగంట కాకుండానే గోంగూర రొయ్యలు లేవని చెప్పాల్సి వచ్చింది. ఆ 5ను ఎంతకు పెంచాలి?

భీమవరం హాస్టల్ స్టోర్
8కి పెంచండి. సరుకు చేతికి వచ్చేలోపు వాడకం 4, అనుకోని గిరాకీకి ఇంకో 4. మా హాస్టల్లో ఉప్పు నుంచి పెరుగు వరకు అన్నిటికీ ఇదే సూత్రం. శుక్రవారం మీ దగ్గర ఉన్నది 6, అంటే 8 కంటే తక్కువ. ఆర్డరు వెళ్ళేది, శనివారం గండం తప్పేది. ఇందులో చర్చించాల్సింది ఏమీ లేదు.

పాలకొల్లు వంటమేస్త్రి
ఆ 12 కిలోలు కాడలతోనా, వలిచిన ఆకా? అది చెప్పకుండా ఎవరు ఏ అంకె చెప్పినా దండగ. కట్టలు తూచితే సగానికి సగం కాడే ఉంటుంది.

అమలాపురం భోజన హోటల్
వలిచిన ఆకేనండి. పొద్దున రాగానే వలిపించి, తూచి డబ్బాల్లో పెడతాం.

రాజోలు క్యాటరింగ్
అమలాపురం గారూ, అంకె పెంచే ముందు ఒక మాట చెప్పండి. శుక్రవారం రాత్రి ఉన్న 6 కిలోల్లో ఏది ఏ రోజు వచ్చింది?

అమలాపురం భోజన హోటల్
బుధవారం పొద్దున 9 వచ్చింది, అప్పటికి పాతది 3 ఉంది. బుధ, గురువారాల్లో నాలుగేసి కిలోలు వాడాం. గురువారం రాత్రి 4 మిగిలితే 8 చెప్పాం. శుక్రవారం గిరాకీ ఎక్కువై 6 పోయింది. వంటగదిలో పైనున్న తాజా డబ్బాలో నుంచే తీసుకున్నారని తరవాత తెలిసింది.

రాజోలు క్యాటరింగ్
అయితే మీ కథ అంతా అక్కడే ఉంది. ఆ 6 కిలోల్లో 4 బుధవారం ఆకు, 2 శుక్రవారం ఆకు. వలిచిన గోంగూర ఫ్రిజ్‌లో పెట్టినా మూడో రోజుకు మెత్తబడి నల్లబడటం మొదలవుతుంది. శనివారం వంటకు మీ దగ్గర నిజంగా ఉన్నది 2 కిలోలే. మీ పుస్తకంలో మాత్రం 6 ఉంది, 5 కంటే ఎక్కువ ఉంది కాబట్టి ఫోను చేయక్కర్లేదని చెప్పింది. పారేయడం, కొరత రావడం రెండూ ఆ ఒక్క లెక్క నుంచే పుట్టాయి.

బియ్యానికి ఈ చిక్కు రాదు. రోజుకు 26 కిలోల బస్తా ఒకటి వాడుతున్నారని, మిల్లు నుంచి రావడానికి మూడు రోజులని అనుకుందాం. 5 బస్తాలు మిగిలినప్పుడు ఫోను చేస్తే చాలు. మూడు రోజుల వాడకానికి 3, లారీ ఆలస్యమైతే 2. ఆ రెండూ వాడకపోయినా వచ్చే వారం పనికొస్తాయి, పాత బియ్యమని అన్నం ఇంకా బాగుంటుంది. గోంగూరలో మిగులు కోసం ఉంచిన ఆకే ఎల్లుండి చెత్త.

ఇప్పుడు 8 పెట్టి చూడండి. శుక్రవారం రాత్రి 6 ఉంది కాబట్టి ఇంకో 6 తెప్పిస్తారు. శనివారం కొరత ఉండదు, నిజమే. బుధవారం నాటి 4 కిలోలు మాత్రం అప్పుడూ పారేయాల్సిందే. పైగా రోజు వాడకం 4 కంటే కాస్త పెరిగినా ఆ రాత్రే మళ్ళీ 12కు నింపుతారు. మూడు రోజులకు మించి నిలవని ఆకును ఎప్పుడూ మూడు రోజులకు సరిపడా పెట్టుకుంటే, గిరాకీ ఒక్కరోజు తగ్గినా అడుగు డబ్బా పోతుంది.

భీమవరం హాస్టల్ స్టోర్
డబ్బాల మీద తేదీ రాసి పాతది ముందు వాడమంటే సరిపోయేదానికి సూత్రాన్ని తప్పుపట్టడం ఎందుకు? లోపం వంటవాళ్ళది. ఆయన అడిగింది కొరత గురించి, నేను దానికి జవాబు చెప్పాను.

రాజోలు క్యాటరింగ్
తేదీ రాయాలి, కాదనను. పాతదే ముందు వాడారనుకోండి. శుక్రవారం బుధవారం నాటి 4, కొత్తదాంట్లో 2 పోయేవి. రాత్రికి 6 మిగిలేది, అంతా శుక్రవారం ఆకే. శనివారం మామూలు గిరాకీకి సరిపోయేది. ఆ వారం గట్టెక్కేది, ఒప్పుకుంటాను. కానీ శనివారం మాంసాహారం మానేవాళ్ళు ఎక్కువ కదా. ఆ రోజు 2 కిలోలే పోతే ఆదివారానికి 4 మిగులుతుంది, అదీ మూడో రోజు ఆకు. సగటును నమ్మితే గిరాకీ తగ్గిన రోజున దెబ్బ తింటాం.

ముమ్మిడివరం లంక
మీరంతా రాత్రి చెబితే తెల్లవారి వచ్చే ఊళ్ళలో ఉన్నారు. మాది లంక. ఆగస్టులో కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదు. ఒక ఏడాది కూరగాయల ఆయన రాలేనని ఫోను కూడా చేయలేదు. పెళ్ళివారి భోజనాలు ఒప్పుకుని, పచ్చిమిరపకాయలు కూడా లేక ఊళ్ళో ఇంటింటికీ తిరిగాను. అప్పటి నుంచి నేను అన్నీ మూడు రోజులకు తక్కువ కాకుండా పెట్టుకుంటాను. పారేస్తే పారేశాను, ఆ అవమానం మళ్ళీ పడలేను.

రాజోలు క్యాటరింగ్
మీ బాధ నాకు తెలుసు, మాదీ గట్టు పక్కనే. కానీ వరదకు పెంచాల్సింది బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిర్చి, బంగాళాదుంపలు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే వాటి పార్‌ను అప్పటికి రెండింతలు చేస్తాను, హెచ్చరిక తీసేశాక మళ్ళీ దించుతాను. ఆకుకూర మూడు రోజులకు పెట్టినా వరద నాలుగో రోజున అది లేనట్టే. గోంగూరను ముందే నూనెలో బాగా మగ్గించి, నీటి తడి లేకుండా ముద్ద చేసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఆగుతుంది. అప్పుడది వేరే సరుకు, దానికి మీరు చెప్పిన మూడు రోజుల లెక్క నప్పుతుంది.

పాలకొల్లు వంటమేస్త్రి
ముద్దతో చేసిన గోంగూర రొయ్యలకు పచ్చి ఆకు పులుపు రాదు. తినేవాడికి మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది.

భీమవరం హాస్టల్ స్టోర్
రాజోలు గారి మాట ప్రకారం పోతే రోజూ ఫోను చేయాలి, రోజూ తూచాలి, తేదీలు చూడాలి. నాకు ఆరు వందల మంది పిల్లలు, స్టోర్‌లో ఇద్దరు మనుషులు. ఒక మధ్యాహ్నం కూర తక్కువైతే వార్డెన్ అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగారు. ఆ రోజు మీరు రాలేదు. కాగితం మీద పొదుపు ఎవరైనా చెబుతారు.

రాజోలు క్యాటరింగ్
కొరత వస్తే మిమ్మల్ని అడిగారు. రెండు డబ్బాలు కుళ్ళి పారేసిన రోజు ఎవరైనా అడిగారా?

భీమవరం హాస్టల్ స్టోర్
అడగలేదు. ఎందుకు అడుగుతారు, పిల్లలకు అన్నం అందింది కదా.

రాజోలు క్యాటరింగ్
మన తగవు సూత్రం గురించి కాదండి. మీకు కొరత ఒక్కటే నష్టం, ఎందుకంటే దానికి మాట పడేది మీరు. పారేసిన సరుకు డబ్బు హాస్టల్ ఖాతాలో పోతుంది. అమలాపురం గారికి రెండూ ఆయన జేబులోంచే పోతాయి. మీ స్థానంలో నేనున్నా 8 అనే చెబుతానేమో. ఆయన మాత్రం ముందు వేరే సంగతి తేల్చుకోవాలి. గోంగూర రొయ్యలు లేవన్నప్పుడు వచ్చినవాళ్ళు ఏం చేశారు?

అమలాపురం భోజన హోటల్
చాలామంది రొయ్యల వేపుడు తీసుకున్నారు. ఒక కుటుంబం మాత్రం లేచి వెళ్ళిపోయింది. కానీ ఆదివారం అసలు రొయ్యలే లేవంటే సగం బల్లలు ఖాళీ అవుతాయి.

రాజోలు క్యాటరింగ్
అయితే రెండింటికీ ఒకే ధైర్యం పనికిరాదు. గోంగూర నిండుకుంటే మీకు పోయేది కొద్దే, మిగిలితే ఆకంతా పోతుంది. కాబట్టి దానికి రీఆర్డర్ పాయింటే తీసేయండి. రోజూ రాత్రి, రేపటికి పనికొచ్చే ఆకు మాత్రమే తూచండి. రేపటి వాడకానికి ఒక కిలో కలిపి, అందులోంచి ఉన్నది తీసేసి మిగతాది చెప్పండి. మామూలు రోజుకు 5, ఆదివారానికి మీ అలవాటు చూసి ఎక్కువ. శుక్రవారం రాత్రి ఈ లెక్క వేసి ఉంటే ఉన్నది 2, కావాల్సింది 5, ఫోనులో చెప్పేది 3 కిలోలు. పాత 4 కిలోలు ఆ రాత్రికి ఇంకా మెత్తబడకపోతే అప్పుడే మగ్గించి పప్పులోకో పచ్చడిలోకో మళ్ళించవచ్చు.

ఆదివారం రొయ్యలకు మాత్రం కాస్త ధైర్యం చేసి పార్ ఎక్కువే పెట్టండి. అవి లేకపోతే మనిషే వెళ్ళిపోతాడు. మిగిలితే అదే సాయంత్రం శుభ్రం చేసి మంచులో పెడితే సోమవారం వేపుడుకు పనికొస్తాయి. అంతకంటే ఉంచకండి. ముట్టుకుంటే జిగురుగా ఉన్నా, అమ్మోనియా వాసన తగిలినా వాటిని పారేయాల్సిందే. కార్తీకమాసంలో ఈ పార్‌ను మళ్ళీ దించాలి.

పాలకొల్లు వంటమేస్త్రి
నేను మొదట అడిగింది గోంగూరతోనే ఆగిపోయింది. రొయ్యల్లో అదే కొంప ముంచుతుంది. చెరువు దగ్గర తూచేది తలతో, పెంకుతో. ఒలిచాక చేతికొచ్చేది సుమారు సగం. పుస్తకంలో 10 కిలోలని ఒలిచిన లెక్క రాసుకుని ఫోనులో కూడా 10 అని చెబితే, ఆదివారం 5 కిలోలతో నిలబడాలి.

అమలాపురం భోజన హోటల్
మేస్త్రి గారూ, ఆ మాట నిజం. మా పుస్తకంలో రొయ్యలు ఒక్కోసారి అలా, ఒక్కోసారి ఇలా ఉన్నాయి, రేపటి నుంచి ఒలిచిందే రాయిస్తాను. గోంగూరకు ఇంకో చిక్కు ఉంది. ఆటో ఖర్చు గిట్టదని, 3 కిలోలైతే రానని ఆకు తెచ్చే ఆయన అంటున్నారు.

ముమ్మిడివరం లంక
మా దగ్గరా అంతే. అందుకే మూడు రోజులకు తెప్పించుకోవాల్సి వస్తోంది. చిన్న ఆర్డర్లు చెప్పడం తేలిక, తెచ్చేవాళ్ళు దొరకాలి.

రాజోలు క్యాటరింగ్
కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి కూడా ఆయన దగ్గరే రోజూ తీసుకుంటానని చెప్పి చూడండి. అన్నీ కలిపితే ఆటో గిట్టవచ్చు. అదీ కుదరకపోతే రోజు విడిచి రోజు తెప్పించండి. అప్పుడు పార్ రెండు రోజుల వాడకానికి, అదీ గిరాకీ తగ్గే రోజుల లెక్కతో పెట్టండి. సగటుతో వద్దు. ఆ లెక్కన కొన్ని మధ్యాహ్నాలు గోంగూర రొయ్యలు ముందే అయిపోతాయి. దానికి మీరు సిద్ధమేనా అన్నది మీ ఇష్టం.

భీమవరం హాస్టల్ స్టోర్
ముందే అయిపోతాయని తెలిసి మెనూలో రాయడం నాకు సమ్మతం కాదు. మా దగ్గర ఆ సూత్రం తీసేది లేదు. తేదీలు రాసే పని మాత్రం సోమవారం నుంచి పెట్టిస్తాను.

అమలాపురం భోజన హోటల్
బోర్డు మీద రాయకుండా, ఉన్నంతవరకు సర్వర్లతో నోటితో చెప్పిస్తే ఎలా ఉంటుంది? ఎవరైనా అలా నడుపుతున్నారా?