అప్‌డేట్: మా ఊరి డాక్యుమెంటరీకి ముందు ఏం మాట్లాడానంటే

నేను అడిగింది: "పాత వీడియోలతో తీసిన మా ఊరి డాక్యుమెంటరీని బెంగళూరులో మావాళ్లకు వేస్తున్నాం. క్యాసెట్లు ఇచ్చినవాళ్లు చాలామంది. విసుగు పుట్టించకుండా అందరికీ థ్యాంక్స్ ఎలా చెప్పాలి?"

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ హాల్లోనే వేశాం. పేర్ల జాబితా చదవలేదు, అది చివరి టైటిల్స్‌లో ఉంది. ఎవరిచ్చిన ముక్కలో ఏం చూడాలో మాత్రం చెప్పాను: "పెద్దమావయ్య పెళ్లి క్యాసెట్‌లో పెళ్లికొడుకుని కాదు, వెనకాల చూడండి. రోడ్డు వెడల్పులో పోయిన మన రచ్చబండ అక్కడుంది." మావయ్య "అయితే నన్ను చూడొద్దా?" అనేసరికి హాలంతా నవ్వులు, నా టెన్షన్ కూడా పోయింది.

ఇంకో మాట ముందే చెప్పడం మంచిదైంది. మొదటి ముక్క సూపర్ 8 రీలు, శబ్దం లేనిది. సెకనుకు 18 ఫ్రేముల వేగంతో 50 అడుగుల రీలు 3 నిమిషాల 20 సెకన్లు నడుస్తుంది. అంతసేపు నిశ్శబ్దమంటే స్పీకర్ పోయిందనుకుంటారు కదా! వీహెచ్‌ఎస్ బొమ్మ అడుగున వణికే గీత కూడా క్యాసెట్‌దే, ప్రొజెక్టర్‌ది కాదని చెప్పాను.

అయ్యాక ఓ పిన్ని తన దగ్గర బూజు పట్టిన క్యాసెట్ ఉందన్నారు. ప్లేయర్‌లో పెట్టొద్దని, పెడితే హెడ్‌కు బూజంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుందని చెప్పాను. వచ్చేవారం తెస్తానన్నారు.