కుడికి మళ్లే గాలి తుఫాన్‌ని యాంటీక్లాక్‌వైజ్ ఎలా తిప్పుతుంది?

మబ్బులవేట: ఉత్తరార్ధగోళంలో గాలి కుడికి మళ్లుతుంది అంటారు. బండిని కుడికే తిప్పుతూ పోతే క్లాక్‌వైజ్ గుండ్రం వస్తుంది. మరి అక్కడి తుఫాన్లు యాంటీక్లాక్‌వైజ్ ఎందుకు? ఏదో ఒకటి తప్పే కదా?

నీలిమేఘం: రెండూ కరెక్టే. ఈక్వేటర్ దగ్గర నేల గంటకి 1670 కి.మీ. వేగంతో తూర్పుకి పోతుంది, 30 డిగ్రీల అక్షాంశం దగ్గర 1450 అంతే. దక్షిణం నుంచి వచ్చే గాలి ఆ ఎక్కువ వేగంతో తూర్పుకి జరుగుతుంది, ఉత్తరం నుంచి వచ్చేది వెనకబడి పడమరకి పోతుంది, అంతే సుడి.

పడమటిగాలి: అది సగమే అండీ, అలా అయితే తూర్పు నుంచి పడమరకి వీచే గాలి మళ్లకూడదు, కానీ అదీ కుడికే మళ్లుతుంది. బండి పోలిక దగ్గరే తేడా వస్తోంది. ఇక్కడ మధ్యలో అల్పపీడనం లాగుతోంది. దక్షిణం నుంచి సెంటర్‌కి గురిపెట్టి బయల్దేరిన గాలి కుడికి మళ్లి, గురి తప్పి, సెంటర్‌కి తూర్పు పక్క నుంచి పైకి పోతుంది. అంటే సెంటర్ దానికి ఎడమ చేతివైపు ఉంది, ప్రెషర్ అటే లాగుతోంది, కాబట్టి ఎడమకి ఒంగుతూ చుట్టూ తిరుగుతుంది. కాగితం మీద నాలుగు వైపుల నుంచీ బాణాలు గీసి చూడండి.

చిరుజల్లు: మా సింక్‌లో నీళ్లు ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతాయి, అదీ ఇదేనా?

పడమటిగాలి: కాదు, అది సింక్ ఆకారం, నీళ్లు పోసిన తీరు. 1962లో షపీరో అనే ఆయన పెద్ద తొట్టిలో నీళ్లని 24 గంటలు కదలకుండా ఉంచాకే భూమి ప్రభావం కనిపించింది. తుఫాన్‌లో దూరాలు వేరు. 15 డిగ్రీల దగ్గర నేలే నిలువు అక్షం చుట్టూ మెల్లగా యాంటీక్లాక్‌వైజ్ తిరుగుతోంది, దాంతోపాటు ‘కదలని’ గాలి కూడా. 400 కి.మీ. దూరంలో ఉన్న ఆ గాలిని 100 కి.మీ. దాకా లోపలికి లాగితే, రాపిడి వదిలేస్తే, గంటకి దాదాపు 100 కి.మీ. సుడి వేగం వస్తుంది. 5 డిగ్రీల దగ్గర అదే లెక్క 35కి అటూఇటూ, అందుకే ఈక్వేటర్‌కి అంత దగ్గర్లో తుఫాన్ పుట్టడం అరుదు. దక్షిణార్ధంలో పైనుంచి చూస్తే నేల క్లాక్‌వైజ్ తిరుగుతుంది, అందుకే అక్కడి తుఫాన్ కూడా అలాగే.

మబ్బులవేట: బాణాలు గీశాక అర్థమైంది! కానీ శాటిలైట్ వీడియోలో అంచుల దగ్గర పల్చటి మబ్బులు క్లాక్‌వైజ్ విప్పుకుంటున్నాయే?

పడమటిగాలి: మంచి చూపు. అది పైకెక్కి బయటికి పోతున్న గాలి. అంచుకి వచ్చేసరికి దాన్ని లోపలికి లాగే ప్రెషర్ లేదు, కాబట్టి అక్కడ మీ బండి లెక్కే పనిచేస్తుంది.

నీలిమేఘం: మరి 2001లో వామెయ్ తుఫాన్ 1.4 డిగ్రీల దగ్గరే పుట్టిందిగా? అక్కడ నేల తిరుగుడు దాదాపు సున్నా.

పడమటిగాలి: అక్కడ ఈశాన్య రుతుపవన గాలి బోర్నియో పక్కన ముందే ఒక సుడి కట్టింది, దాన్ని వాడుకుంది.

నీలిమేఘం: అయితే సుడి ఎక్కడి నుంచి వచ్చినా చాలన్నమాట, మీ 5 డిగ్రీల లెక్కని అంత గట్టిగా పట్టుకోకూడదు. దీన్ని నేను వదలను.