గీతా నే పత్ర్ లిఖా, గీతా నే చిట్ఠీ లిఖీ... రాసింది గీతే కదా, మరి ఈ తేడా ఏంటి?

పదో క్లాసు అమ్మ: మా పాప హిందీ పేపర్ ఇప్పుడే చూశాను. "గీతా పత్ర్ లిఖతీ హై" అని ఇచ్చి భూతకాలంలోకి మార్చమంటే "గీతా నే పత్ర్ లిఖీ" అని రాసింది, తప్పు కొట్టి పక్కన "లిఖా" అని దిద్దారు. దాని కిందే ఇంకో ప్రశ్నకి "రాజూ నే చిట్ఠీ లిఖీ" అని రాస్తే రైట్ ఇచ్చారు. అది కూడా పాప తెలిసి రాసింది కాదట, గుడ్డిగా రాసిందట. అమ్మాయి రాస్తే లిఖా, అబ్బాయి రాస్తే లిఖీ ఏంటండీ, తిరగేసి దిద్దారా?

సగం హిందీ: తిరగేయలేదు మేడమ్, కరెక్టే దిద్దారు. నే వచ్చిందంటే క్రియ కర్తని వదిలేసి కర్మని పట్టుకుంటుంది. పత్ర్ పుంలింగం కాబట్టి లిఖా, చిట్ఠీ స్త్రీలింగం కాబట్టి లిఖీ. రాసింది ఎవరైనా ఒకటే. కర్మకి "కో" తగిలితే మాత్రం ఎప్పుడూ పుంలింగం ఏకవచనమే, అంతే రూలు.

ఓల్డ్ సిటీ పిల్లోడు: ఈ నే గోల మా దగ్గర లేదన్నా. హైదరాబాద్‌లో "మై రోటీ ఖాయా", "మై బోలా" అంటాం, అందరికీ అర్థమవుతుంది. స్కూల్లో మాత్రం నాకు ఈ ఒక్కదాని మీదే మార్కులు పోయేవి.

రిటైర్డ్ హిందీ మాస్టారు: బాబూ, నువ్వు చెప్పింది దక్కనీ మాట, దాంట్లో నే పెద్దగా వినబడదు, అది తప్పు భాష కాదు, పరీక్షలో అడిగే భాష వేరు అంతే. ఇంకో తమాషా చూడు, నువ్వు చెప్పిన రెండిట్లో "మై బోలా" పరీక్షలో రాసినా రైటే. బోల్‌నాకి మామూలుగా నే పెట్టరు. అదే అర్థం ఉన్న కహ్‌నాకి మాత్రం కావాలి, "మైఁనే కహా". నీ మార్కులు పోయింది ఖాయా దగ్గర, బోలా దగ్గర కాదు.

ఇక అమ్మగారి ప్రశ్న. మన పిల్లలు ఇక్కడే ఎందుకు పడతారంటే, తెలుగులో రాజు రాశాడు, గీత రాసింది అని చేసినవాళ్లని బట్టే క్రియ మారుతుంది, ఉత్తరం ఏ లింగమో ఎవరూ అడగరు. హిందీలో కూడా "లిఖతీ హై" దాకా అదే లెక్క కాబట్టి పాప చెవి అక్కడే ఆగిపోయింది. పని అయిపోయిందని చెప్పే లిఖా, ఖాయా, దేఖా రూపాల్లోకి రాగానే కర్తకి నే తగులుతుంది, తగిలాక కర్త పేరు మీద వేలు పెట్టి మూసేయమని నేను క్లాసులో చెప్పేవాణ్ణి. గీతని మూసేస్తే "పత్ర్ లిఖ్..." మిగిలింది. పత్ర్ అచ్ఛా అంటామా, అచ్ఛీ అంటామా? అచ్ఛా. అయితే లిఖా. చిట్ఠీ అచ్ఛీ, అయితే లిఖీ. రెండిటికీ అర్థం ఉత్తరమే, లింగం మాటది గానీ వస్తువుది కాదు.

పదో క్లాసు అమ్మ: మరి పత్ర్ పుంలింగమని పాపకి ఎలా తెలియాలండీ? తెలుగు నుంచి ఊహించమని చెప్పొచ్చా?

రిటైర్డ్ హిందీ మాస్టారు: వద్దమ్మా, అక్కడే కొంప మునుగుతుంది. పుస్తకం మనది లాగే ఉంది కదా అని "రాజూ నే పుస్తక్ పఢా" అని రాసేవాళ్లు ఎంతమందో. హిందీలో పుస్తక్ స్త్రీలింగం, పఢీ రావాలి. ఆత్మా, అగ్ని కూడా హిందీలో స్త్రీలింగమే. మాటని ఒంటరిగా నేర్చుకోకుండా "అచ్ఛీ పుస్తక్", "ఠండా పానీ", "గరమ్ చాయ్ పీ" అని తోకతో నేర్చుకుంటే మంచిది. అందులో గరమ్ అటూ ఇటూ మారదు కాబట్టి చాయ్ స్త్రీలింగమని చెప్పేది చివరున్న పీ ఒక్కటే.

సగం హిందీ గారూ, మీ కో రూలు సగమే. "మైఁనే సీతా కో దేఖా", ఇక్కడ మీరన్నట్టే దేఖా, దేఖీ కాదు. మరి "మైఁనే సీతా కో కితాబ్..." తర్వాత ఏం రాస్తారు, దియా నా, దీ నా?

సగం హిందీ: కో ఉంది కాబట్టి దియా.

రిటైర్డ్ హిందీ మాస్టారు: దీ. కో తగిలింది సీతకి, కితాబ్‌కి కాదు. ఏమీ తగలకుండా ఖాళీగా ఒక మాట మిగిలి ఉంటే క్రియ దాన్నే పట్టుకుంటుంది, అలాంటిది ఒక్కటీ మిగలకపోతేనే పుంలింగం ఏకవచనం. సీతా కో ఫూల్ దియా, సీతా కో కితాబ్ దీ. సీత ఎవరైనా ఆ వాక్యంలో ఆవిడకి ఓటు లేదు.

సగం హిందీ: ఇన్నాళ్లూ ట్యూషన్‌లో దియా అనే చెప్పాను, పిల్లలు క్షమించాలి 😅

సంస్కృతం బ్యాచ్: మా సార్ "గీత చేత ఉత్తరం రాయబడింది" అని తెలుగులో అనుకోమనేవారు. రామేణ ఫలం ఖాదితమ్ అన్నప్పుడు ఖాదితమ్ ఫలంతో పోయినట్టే ఇదీను. నాకు ఇదే గుర్తుంటుంది.

రిటైర్డ్ హిందీ మాస్టారు: పాత సంగతి అదే, లిఖా ఖాయాల పుట్టుక ఆ రూపాల్లోనే ఉంది. కాకపోతే పిల్లలకి "రాయబడింది" అని చెబితే "పత్ర్ లిఖా గయా" అనే అసలు కర్మణి ప్రయోగంతో కలిపేస్తారు, నేను చూశాను. మీకు పనిచేస్తే వాడుకోండి.

లోకల్ ట్రైన్: ఏది కర్మ ఉన్న క్రియో కనుక్కోవడానికి "దేన్ని?" అని అడిగితే చాలదా? తిన్నాడు, దేన్ని, రొట్టెని, నే పెట్టెయ్.

రిటైర్డ్ హిందీ మాస్టారు: చాలావరకు సరిపోతుంది, పరీక్షలో అడిగేది మాత్రం అది పనిచేయని చోటే. తెచ్చాడు, దేన్ని, పుస్తకాన్ని. అయినా "వహ్ కితాబ్ లాయా", నే లేదు, ఎందుకంటే లానా లోపల లే, ఆనా రెండూ దాక్కున్నాయి, ఆనాకి నే రాదు. భూల్‌నా కూడా అంతే. క్రియలు రెండు కలిసినప్పుడు చివరిది చూడండి. "ఉస్‌నే రోటీ ఖాయీ" గానీ "వహ్ రోటీ ఖా గయా", "వహ్ రోటీ ఖా చుకా", "వహ్ రోటీ నహీఁ ఖా సకా". నే పోగానే క్రియ మళ్లీ కర్త దగ్గరికి వచ్చేస్తుంది, సీత అయితే ఖా గయీ.

లోకల్ ట్రైన్: మరి తుమ్మితే? దేన్ని అని అడగలేం కదా.

రిటైర్డ్ హిందీ మాస్టారు: ఉస్‌నే ఛీంకా. దానికి నే ఉంది, ఏం చేస్తాం 🙂

ఢిల్లీ కోడలు: మా అత్తగారింట్లో అందరూ "మైఁనే జానా హై" అంటారు, జానాకి నే రాదన్నారుగా?

రిటైర్డ్ హిందీ మాస్టారు: పుస్తకాల హిందీలో "ముఝే జానా హై". మీరు వినేది పంజాబీ గాలి అంటారు, అక్కడ మాత్రం మామూలు మాటే.

ఢిల్లీ కోడలు: మా ఆయన ఒప్పుకోడు, అదే శుద్ధ హిందీ అంటాడు.

పదో క్లాసు అమ్మ: పాపతో వేలు పెట్టించి రాయించాను. "గీతా నే రాజూ కో దో కితాబేఁ దీ" అని రాసింది. ఇప్పుడు రైటేనా మాస్టారూ?

రిటైర్డ్ హిందీ మాస్టారు: లింగం పట్టుకుంది, వచనం వదిలేసింది. కితాబేఁ రెండు కాబట్టి దీ మీద చుక్క పడాలి, దీఁ.

పదో క్లాసు అమ్మ: "దీ హైఁ" అని రాస్తే రెండు చోట్లా పెట్టాలా?

రిటైర్డ్ హిందీ మాస్టారు: హైఁ మీద ఒక్కచోటే అమ్మా. చుక్క చివరి మాట మోస్తుంది, దీ అప్పుడు ఖాళీగానే ఉంటుంది.